గోడ మీద 5 డిగ్రీలు, ర్యాక్ మీద 1.4: కోల్డ్ రూమ్ మ్యాపింగ్‌లో ఏం బయటపడుతుంది?

క్లుప్తంగా: టీకాలు, ఇన్సులిన్ లాంటి మందులను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. కోల్డ్ రూమ్ బయట కనిపించే అంకె ఆ గదిలో ఒక్క చోటి ఉష్ణోగ్రతే. మిగతా చోట్ల ఎంత ఉందో తెలియాలంటే పదిహేను ఇరవై డేటా లాగర్లు పెట్టి రెండు మూడు రోజులు రికార్డు చేయాలి. దాన్నే టెంపరేచర్ మ్యాపింగ్ అంటారు. బాగా చల్లగా ఉండే చోటు, బాగా వెచ్చగా ఉండే చోటు చాలాసార్లు ఒకే కారణం నుంచి పుడతాయి. ఆ కారణం గాలి నడక. కంట్రోలర్‌లో పెట్టుకున్న ఉష్ణోగ్రతను, అంటే సెట్ పాయింట్‌ను మార్చితే సమస్య ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుగుతుంది తప్ప పోదు.

హైదరాబాద్ చుట్టుపక్కల టీకాలు, బయోలాజికల్ మందులు తయారుచేసే కంపెనీలు, వాటిని నిల్వచేసి పంపే డిస్ట్రిబ్యూటర్లు చాలా మంది ఉన్నారు. మందుల తయారీ ఎలా ఉండాలో చెప్పే షెడ్యూల్ ఎం నిబంధనలను కేంద్రం సవరించి 2023 చివర్లో నోటిఫై చేశాక చిన్న, మధ్యతరహా యూనిట్లలోనూ మ్యాపింగ్ గురించి ప్రశ్నలు పెరిగాయి. ఎన్ని లాగర్లు పెట్టాలి, ఎన్ని రోజులు పెట్టాలి అన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. వచ్చిన రీడింగులను ఎలా చదవాలి, చదివాక గదిలో ఏం మార్చాలి అన్నది అంతకంటే ముఖ్యం. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

## డిస్‌ప్లే దేన్ని కొలుస్తోంది?

కోల్డ్ రూమ్ లోపల పైకప్పుకు దగ్గరగా ఎవాపరేటర్ యూనిట్ ఉంటుంది. అది గదిలోని గాలిని వెనక నుంచి లాక్కుని, చల్లటి కాయిల్ మీదుగా పంపి, ముందు నుంచి ఫ్యాన్లతో బయటకు నెడుతుంది. కంట్రోలర్ ప్రోబ్‌ను సాధారణంగా యూనిట్‌లోకి తిరిగొచ్చే గాలి దారిలో బిగిస్తారు. గది అంతా తిరిగి, అన్నిచోట్ల వేడినీ కలుపుకుని వచ్చిన గాలి అది. కాబట్టి డిస్‌ప్లే మీద కనబడే అంకె దాదాపు గది సగటుకు దగ్గరగా ఉంటుంది. కంప్రెసర్‌ను ఎప్పుడు ఆన్ చేయాలో, ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడానికి ప్రోబ్‌కు అదే సరైన చోటు.

చిక్కంతా ఆ అంకెనే మందుల ఉష్ణోగ్రతగా రిజిస్టర్‌లో రాసుకోవడం వల్ల వస్తుంది. లోపలికి వెళ్లే గాలి 5 డిగ్రీలుంటే, కాయిల్ దాటి బయటికొచ్చే గాలి దానికంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటుంది. లేకపోతే గది చల్లబడదు. అంటే 2 డిగ్రీల కంటే చల్లటి గాలి ఆ గదిలో రోజూ, ప్రతి కంప్రెసర్ రన్‌లోనూ పుడుతూనే ఉంటుంది. ఆ గాలి వెచ్చటి గాలితో కలవకముందే ఏదైనా డబ్బాను తాకుతోందా అన్నదే అసలు ప్రశ్న. ఇంట్లో ఫ్రిజ్‌లో గాలి వచ్చే కన్నం దగ్గర పెట్టిన కొత్తిమీర కట్ట మంచుపట్టి నల్లబడటం, తలుపు అరలో పెట్టిన పాలు మాత్రం త్వరగా విరిగిపోవడం చాలా మందికి తెలిసిందే. కోల్డ్ రూమ్‌లో జరిగేదీ అదే, కాకపోతే అక్కడ ఉన్నది టీకా.

## చల్లటి చోటు కిందే ఉంటుందా?

చల్లటి గాలి బరువెక్కువ, కిందికి దిగుతుంది కాబట్టి కింది అరలు చల్లగా, పై అరలు వెచ్చగా ఉంటాయని చాలా మంది అనుకుంటారు. ఫ్యాన్ లేని పెట్టెల్లో ఇది నిజమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు ఉంచే ఐఎల్ఆర్ పైకి తెరుచుకునే పెట్టె. దాని అడుగు భాగం బాగా చల్లగా ఉంటుంది. అందుకే గడ్డకడితే పాడయ్యే టీకాలను అడుగున పెట్టొద్దని, బుట్టల్లో పైన పెట్టాలని సిబ్బందికి నేర్పుతారు.

ఫ్యాన్లున్న పెద్ద గదిలో పరిస్థితి తారుమారవుతుంది. యూనిట్ నుంచి వేగంగా వచ్చే గాలి పైకప్పును అంటిపెట్టుకుని ఎదుటి గోడ వరకు వెళ్లి, అక్కడ కిందికి దిగి, నేల మీదుగా, ర్యాక్‌ల మధ్యగా వెనక్కి రావాలి. దారిలో చుట్టూ ఉన్న గాలిని తనలో కలుపుకుంటూ నెమ్మదిగా వెచ్చబడుతుంది. ఈ చక్రం సరిగా తిరిగితే గదిలో తేడాలు తక్కువగా ఉంటాయి. యూనిట్ ముందు పై అరలో ఎత్తుగా డబ్బాలు పేరిస్తే చక్రం తెగిపోతుంది. చల్లటి గాలి నేరుగా ఆ డబ్బాలను కొడుతుంది, అక్కడే చల్లటి చోటు ఏర్పడుతుంది. డబ్బాలకు కొట్టుకుని కింద పడిన గాలి దగ్గరదారిలో యూనిట్‌లోకి తిరిగి వెళ్లిపోతుంది కాబట్టి ఎదుటి గోడ పై మూలకు చల్లటి గాలి అందదు. అక్కడ వెచ్చటి చోటు ఏర్పడుతుంది. మ్యాపింగ్ రిపోర్టుల్లో ఈ రెండింటినీ రెండు వేర్వేరు లోపాలుగా రాయడం తరచూ కనిపిస్తుంది. నిజానికి అవి ఒకే లోపానికి రెండు చివరలు.

## వేడికంటే చలి ఎందుకు ప్రమాదం?

ఎండాకాలంలో 44 డిగ్రీలు చూసే ప్రాంతంలో అందరి టెన్షనూ 8 దాటడం గురించే. కానీ పెంటావాలెంట్, హెపటైటిస్ బి, టీడీ లాంటి టీకాల్లో మందును అల్యూమినియం లవణపు జెల్ పట్టి ఉంచుతుంది. గడ్డకడితే ఆ జెల్ కణాలు ముద్దలవుతాయి. మళ్లీ కరిగినా పాత స్థితికి రావు, టీకా పనితనం తగ్గిపోతుంది. పైకి చూస్తే వయల్ మామూలుగానే కనబడవచ్చు. వయల్ మీద ఉండే వీవీఎం గుర్తు వేడి తగిలితే రంగు మారుతుంది, చలి తగిలితే మారదు. అనుమానం వస్తే అదే బ్యాచ్ వయల్ ఒకటి కావాలని గడ్డకట్టించి, కరిగించి, అనుమానం ఉన్న వయల్‌తో పాటు కుదిపి, రెండింటిలో మడ్డి ఎంత వేగంగా దిగుతోందో పక్కపక్కన పెట్టి చూడాలి. దీన్ని షేక్ టెస్ట్ అంటారు.

రెండు వైపుల ప్రమాదంలో ఉన్న తేడా అలారం నియమాల్లోనే కనిపిస్తుంది. టీకా ఫ్రిజ్‌లలో వాడే 30 రోజుల లాగర్లు 8 డిగ్రీల పైన ఏకధాటిగా 10 గంటలుంటే వేడి అలారం ఇస్తాయి. మైనస్ 0.5 డిగ్రీల దగ్గర, అంతకంటే కింద 60 నిమిషాలుంటే చాలు, చలి అలారం ఇస్తాయి. ఒక వైపు పది గంటల వెసులుబాటు, ఇంకో వైపు ఒక్క గంట. మ్యాపింగ్ చేసేవాళ్లు ముందుగా వెతకాల్సింది చల్లటి చోటునే అనడానికి ఇంతకంటే వేరే ఆధారం అక్కర్లేదు.

## ఒక గదిని తీసుకుని చూద్దాం

లెక్క అర్థం కావడానికి ఒక నమూనా గది అనుకుందాం. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. తలుపు ఒక పొట్టి గోడ మధ్యలో ఉంది. ఎదుటి పొట్టి గోడకు పైన రెండు యూనిట్లున్నాయి. ఎడమవైపుది ఎ, కుడివైపుది బి. ఒకటి నడుస్తుంటే రెండోది స్టాండ్‌బై, రోజుకొకటి చొప్పున మారుతుంటాయి. రెండు పొడుగు గోడల వెంట ర్యాక్‌లు, పై అరలో డబ్బాలు దాదాపు 2.6 మీటర్ల ఎత్తు దాకా పేర్చి ఉన్నాయి. సెట్ పాయింట్ 5 డిగ్రీలు.

నిల్వ ప్రాంతాల మ్యాపింగ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో లాగర్లను గ్రిడ్ పద్ధతిలో, ప్రతి చోటా కింద, మధ్య, పైన మూడు ఎత్తుల్లో పెట్టమని ఉంటుంది. ఈ గదిలో నాలుగు మూలలు, మధ్యభాగం కలిపి అయిదు చోట్ల, నేల నుంచి 0.3, 1.2, 2.4 మీటర్ల ఎత్తుల్లో పెడితే 15 లాగర్లు అవుతాయి. వీటికి తోడు గాలి నడకను ఆలోచించి పెట్టేవి నాలుగు: ఎ యూనిట్ ముందున్న పై అర, బి యూనిట్ ముందున్న పై అర, కంట్రోలర్ ప్రోబ్ పక్కన, తలుపు లోపలి వైపు పైభాగం. గ్లైకాల్ నింపిన చిన్న సీసాల్లో ప్రోబ్ ముంచినవి రెండు. వీటిని మందు ఉన్నట్టే ఉంచడానికి ర్యాక్ మీద డబ్బాల మధ్య పెడతారు. గది బయట వాతావరణం కోసం ఒకటి. మొత్తం 22.

కోల్డ్ రూమ్‌కు 24 నుంచి 72 గంటల రికార్డు సరిపోతుందని అవే మార్గదర్శకాలు చెబుతాయి. బయటి వాతావరణం ప్రభావం ఎక్కువగా ఉండే మామూలు గోదాములకైతే వారాంతం కూడా కలిసేలా కనీసం 7 రోజులు కావాలి. మన గదిలో రెండు యూనిట్లు రోజుమార్చి రోజు నడుస్తాయి కాబట్టి 24 గంటలు తీసుకుంటే సగం కథే తెలుస్తుంది. 72 గంటలు, నిమిషానికో రీడింగ్ అనుకుందాం. ఒక్కో లాగర్‌కు 4,320, అన్నీ కలిపి దాదాపు 95 వేల రీడింగులు.

## రీడింగులు చెప్పే కథ

ఇంత డేటా వచ్చాక చాలా మంది చేసే మొదటి పని మొత్తానికీ ఒక సగటు తీయడం. అది 5 చుట్టూ వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ సగటు వల్ల ఉపయోగం ఏమీ లేదు. ప్రతి లాగర్‌కూ విడిగా కనిష్ఠం, గరిష్ఠం, సగటు తీయాలి. ఆ తర్వాత కనిష్ఠం, గరిష్ఠం ఏ సమయంలో వచ్చాయో గ్రాఫ్ మీద చూడాలి.

ఎ యూనిట్ నడిచిన రోజున మన నమూనా గది ఇలా ఉందనుకుందాం. కంట్రోలర్ ప్రోబ్ పక్కనున్న లాగర్ 3.9 నుంచి 6.1 మధ్య ఊగింది, సగటు 5.0. డిస్‌ప్లేతో సరిపోయింది. ఎ ముందున్న పై అరలో సగటు 3.1 ఉంది కానీ ప్రతి కంప్రెసర్ రన్ చివర్లో మూడు నాలుగు నిమిషాల పాటు 2 కంటే కిందికి వెళ్లి 1.4 దాకా దిగింది. తలుపు గోడ వైపు, కుడి పై మూలలో సగటు 6.6. కాయిల్ మీద పట్టిన మంచును కరిగించే డీఫ్రాస్ట్ నడిచిన ప్రతిసారీ 7.9 దాకా పెరిగింది. తలుపు దగ్గర లాగర్ సగటు 5.6 మాత్రమే, కానీ లోడింగ్ జరిగిన ఒక మధ్యాహ్నం 9.2 చూసింది.

ఇక్కడ వెచ్చటి చోటు ఏది? గరిష్ఠం చూస్తే తలుపు దగ్గర, సగటు చూస్తే కుడి పై మూల. రెండూ సరైన జవాబులే, కానీ వాటికి చికిత్స వేరు. తలుపు దగ్గరి వేడి ఒక సంఘటన. తలుపు తెరిస్తే లోపలి చల్లటి గాలి కింది నుంచి బయటకు పారుతుంది, ఆ ఖాళీలోకి బయటి వేడి గాలి పై నుంచి వస్తుంది. తలుపు మూశాక పది నిమిషాల్లో సర్దుకుంటుంది. పీవీసీ స్ట్రిప్ కర్టెన్లు, తలుపు తెరిచి ఉంచే సమయానికి పరిమితి, తలుపు పక్కన స్టాక్ పెట్టకపోవడం సరిపోతాయి. మూలలోని వేడి మాత్రం తలుపు మూసి ఉన్నా, రాత్రయినా, ఆదివారమైనా ఉంటుంది. నెల రోజులు అక్కడే ఉండిపోయే డబ్బాకు అదే అసలు ఉష్ణోగ్రత. శాశ్వత మానిటరింగ్ ప్రోబ్ పెట్టాల్సింది అక్కడే.

చల్లటి చోటు విషయంలో ఇంకో సంగతి ఉంది. గ్రిడ్‌లోని 15 లాగర్లలో అతి తక్కువ రీడింగ్ 2.6. అంటే గ్రిడ్ ఒక్కటే పెట్టి ఉంటే ఈ గది పాసైపోయేది. 1.4 దొరికింది యూనిట్ ముందు ఆలోచించి పెట్టిన అదనపు లాగర్‌లో. మూలలు, మధ్యభాగం అనే సూత్రాన్ని కళ్లు మూసుకుని పాటిస్తే లాగర్ల సంఖ్య నిబంధనకు సరిపోతుంది, గదిలో అతి చల్లటి చోటు మాత్రం మ్యాపులో పడదు. లాగర్లు పెట్టే ముందు కాసేపు ఫ్యాన్ ముందు నిలబడి, ఒక పలచటి కాగితపు పట్టీ పట్టుకుని గాలి ఎటు పోతోందో చూడటం అయిదారు అదనపు లాగర్లంత పని చేస్తుంది.

మరి అదే అరలో గ్లైకాల్ సీసా ఏం చెప్పింది? కనిష్ఠం 2.5. గాలి మూడు నిమిషాలు 1.4కి వెళ్లినా ద్రవం అంత త్వరగా చల్లబడదు. కాబట్టి మందుకు ఇప్పటికిప్పుడు హాని జరగలేదని చెప్పవచ్చు. ఈ వాదనను అంతకు మించి సాగదీయకూడదు. కంప్రెసర్‌ను ఆపే రిలే ఒక రాత్రి అతుక్కుపోయిందనుకోండి, మూడు నిమిషాలు మూడు గంటలవుతాయి. అప్పుడు గదిలో ముందుగా గడ్డకట్టేది ఆ అరే. గాలి రీడింగ్ హెచ్చరిక ఇస్తుంది, సీసా రీడింగ్ జరిగిన నష్టాన్ని అంచనా వేయడానికి పనికొస్తుంది. మ్యాపింగ్‌లో గది అర్హతను గాలి రీడింగు మీదే తేల్చడం భద్రమైన పద్ధతి.

## సెట్ పాయింట్ ఎందుకు కాపాడలేదు?

1.4 కనబడగానే వచ్చే మొదటి సలహా సెట్ పాయింట్‌ను కాస్త పెంచమని. లెక్క చూడండి. 1.4ను 2కు తేవాలంటే 0.6 డిగ్రీలు పెంచాలి. అప్పుడు కుడి పై మూల 7.9 నుంచి 8.5కు పోతుంది. తలుపు దగ్గరి సంఘటనను పక్కన పెడితే, గదిలో మిగతా అన్ని చోట్లా కలిపి కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య దూరం 6.5 డిగ్రీలు. అనుమతి ఉన్న పట్టీ వెడల్పు 6 డిగ్రీలే. సెట్ పాయింట్ ఆ 6.5ను పైకో కిందికో జరపగలదు, కుదించలేదు. ఈ ఒక్క తీసివేతను ముందే చేసుకుంటే సెట్ పాయింట్‌తో వారాల తరబడి కుస్తీ పట్టే పని తప్పుతుంది.

దూరం తగ్గాలంటే గాలి దారి బాగుపడాలి. నమూనా గదిలో చేయాల్సిన మార్పులు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. యూనిట్ల ముందు మీటరున్నర దాకా పై అరను పూర్తిగా ఖాళీ చేసి, ఎవరూ మళ్లీ పెట్టకుండా ఆ అర పలకనే తీసేయాలి. పసుపు టేపు వేసి వదిలేస్తే స్టాక్ ఎక్కువైన రోజున ఆ గీత ఎవరికీ కనబడదు. మిగతా పై అరల్లో డబ్బాల ఎత్తును గాలి వచ్చే మట్టం కంటే కిందికి తగ్గించాలి. గోడకూ డబ్బాలకూ మధ్య బెత్తెడు ఖాళీ వదలాలి. కంప్రెసర్ ఆన్ అయ్యే, ఆగే ఉష్ణోగ్రతల మధ్య తేడాను, అంటే కంట్రోలర్ డిఫరెన్షియల్‌ను 2 డిగ్రీల నుంచి 1కి తగ్గిస్తే ఊగిసలాట తగ్గుతుంది. కానీ అప్పుడు కంప్రెసర్ గంటకు ఎక్కువసార్లు ఆన్ అవుతుంది, దానికి తయారీదారు పెట్టిన పరిమితి దాటకుండా చూసుకోవాలి.

ఇవి చేశాక మళ్లీ మ్యాపింగ్ చేయాలి. ఈసారి యూనిట్ ముందు భాగంలో కనిష్ఠం 2.7, మూలలో గరిష్ఠం 7.1 వచ్చాయనుకుందాం. దూరం 4.4కు తగ్గింది. లాగర్ల ఖచ్చితత్వం 0.5 డిగ్రీలైతే నిజమైన విలువలు 2.2 నుంచి 7.6 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అప్పటికీ హద్దులోనే ఉంది, గది పాసైంది. లాగర్ తప్పును కలుపుకోకుండా 2.1 వచ్చింది కాబట్టి పాస్ అని రాసే రిపోర్టులు ఆడిటర్ అడిగే మొదటి ప్రశ్నకే నిలబడవు.

బి యూనిట్ నడిచిన రోజు లెక్కను వేరుగా చూడాలి. అప్పుడు చల్లటి చోటు కుడి ర్యాక్ ముందు భాగానికి, వెచ్చటి చోటు తలుపు గోడ ఎడమ మూలకు మారుతుంది. రెండు రోజుల డేటాను కలిపి సగటు తీస్తే రెండు చోట్లూ మామూలుగా కనిపించి సమస్య మాయమవుతుంది.

## మ్యాపింగే తప్పుదారి పట్టేది ఎక్కడ?

గది బాగానే ఉన్నా మ్యాపింగ్ చేసిన తీరు వల్ల తప్పుడు చిత్రం వచ్చే సందర్భాలు చాలా ఉన్నాయి. అన్నింటికంటే ఎక్కువగా జరిగేది లాగర్‌ను ర్యాక్ ఇనుప కమ్మీకో గోడ ప్యానెల్‌కో టేపుతో అతికించడం. అప్పుడది గాలిని కాకుండా లోహాన్ని కొలుస్తుంది. లోహం నెమ్మదిగా మారుతుంది కాబట్టి గ్రాఫ్ నున్నగా, అందంగా వస్తుంది. అన్ని లాగర్లూ ఊగుతుంటే ఒక్కటి మాత్రం గీత గీసినట్టు ఉంటే దాన్ని ముందుగా అనుమానించాలి. దారంతోనో, ప్లాస్టిక్ క్లిప్‌తోనో గాలిలో వేలాడదీయాలి.

రెండోది రీడింగ్ విరామం. మన గదిలో 2 కంటే కిందికి వెళ్లింది ఒక్కో రన్‌లో మూడు నాలుగు నిమిషాలే. 15 నిమిషాలకో రీడింగ్ తీస్తే వాటిలో చాలా భాగం జారిపోతాయి. కంప్రెసర్ చక్రం కూడా సుమారు 15 నిమిషాలదే అయితే ఇంకా ఘోరం. ప్రతి రీడింగూ చక్రంలో ఒకే దశలో పడి, 72 గంటలు గడిచినా ఆ పతనం ఒక్కసారి కూడా కనబడకపోవచ్చు. ఇప్పటి లాగర్ల మెమరీకి నిమిషానికో రీడింగ్ భారం కాదు.

మూడోది గడియారాలు. 22 లాగర్లను ఒకే కంప్యూటర్ నుంచి, ఒకే సమయానికి మొదలయ్యేలా సెట్ చేయాలి. ఒకటి అయిదు నిమిషాలు వెనకబడినా, మూలలో వేడి డీఫ్రాస్ట్ వల్ల వచ్చిందా తలుపు వల్ల వచ్చిందా అన్నది తేల్చలేం. తలుపు తెరిచిన సమయాలు, డీఫ్రాస్ట్ సమయాలు, ఏ యూనిట్ నడిచింది, ఎప్పుడు కరెంటు పోయింది అన్నవి చేత్తో రాసిన లాగ్ షీట్ లేకపోతే గ్రాఫ్‌లోని శిఖరాలకు అర్థం చెప్పేవాళ్లుండరు.

క్యాలిబ్రేషన్ సంగతి చాలా మందికి తెలుసు, సగమే తెలుసు. సర్టిఫికెట్ ఉండటం ఒక్కటే చాలదు. వాడే పరిధిని చుట్టుముట్టేలా, ఉదాహరణకు 0, 5, 10 డిగ్రీల దగ్గర పరీక్షించి ఉండాలి. 25 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉన్న లాగర్ 2 డిగ్రీల దగ్గరా సరిగ్గా ఉంటుందన్న హామీ లేదు. మ్యాపింగ్ అయ్యాక మరోసారి సరిచూడటం కూడా అవసరమే. 1.4 చూపిన లాగరే తర్వాత పరీక్షలో 0.8 డిగ్రీలు తక్కువ చూపిస్తోందని తేలితే ఆ నిర్ధారణ మొత్తం కూలిపోతుంది. చేతిలో సమయం లేనివాళ్లకు ఒక సులువైన తనిఖీ: మొదలుపెట్టే ముందు అన్ని లాగర్లనూ ఒకే డబ్బాలో పెట్టి రెండు గంటలు గదిలో ఉంచాలి. గుంపులో ఏదైనా వేరుగా ఉంటే అప్పుడే దొరికిపోతుంది. ఇది క్యాలిబ్రేషన్‌కు బదులు కాదు, కానీ చెడిపోయిన పరికరంతో మూడు రోజులు వృథా కాకుండా ఆపుతుంది.

ఖాళీ గదిలో చేసిన మ్యాపింగ్‌తో సరిపెట్టుకోవడం ఇంకో పెద్ద లోపం. ఖాళీ గది యంత్రం గురించి చెబుతుంది. డబ్బాలు పేర్చాక గాలి దారి మారుతుంది కాబట్టి నిండిన గదిలో మళ్లీ చేయాల్సిందే. మన నమూనా గదిని ఖాళీగా కొలిస్తే ఆ 1.4 కనిపించేదే కాదు, ఎందుకంటే దాన్ని పుట్టించింది పై అర డబ్బాలే.

## కరెంటు పోయినప్పుడు

ఫ్యాన్లు ఆగగానే గది స్వభావం మారిపోతుంది. గాలిని తిప్పేవాళ్లు లేక వెచ్చటి గాలి పైకి, చల్లటి గాలి కిందికి పొరలుగా విడిపోతాయి. అప్పటిదాకా అన్నింటికంటే చల్లగా ఉన్న యూనిట్ ముందు పై భాగమే ఇప్పుడు త్వరగా వేడెక్కే చోట్లలో ఒకటవుతుంది. అందుకే మామూలు రోజుల మ్యాపుతో కరెంటు కోత రోజులను అంచనా వేయలేం. విడిగా పరీక్ష పెట్టాలి: అన్ని లాగర్లూ నడుస్తుండగా సరఫరా ఆపి, ఏ ఒక్క చోటైనా మొదట 8 దాటడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. ఆ సమయమే జనరేటర్ ఆన్ కావడానికి, స్టాక్ తరలించడానికి ఉన్న గడువు.

స్టాక్ ఎక్కువగా ఉంటే ఆ సరుకే చల్లదనాన్ని నిలిపి ఉంచుతుంది కాబట్టి గడువు పెరుగుతుంది. గది దాదాపు ఖాళీగా ఉన్న రోజున, అదీ మే నెల మధ్యాహ్నం చేసిన పరీక్షే నమ్మదగిన అంకె ఇస్తుంది. నిండు గదిలో డిసెంబరులో చేసి నాలుగు గంటలు అని రాసి పెట్టుకుంటే, స్టాక్ తక్కువున్న ఎండాకాలపు రాత్రి ఆ అంకె మోసం చేస్తుంది.

## ఆటోక్లేవ్‌లో ఇదే పని వేరుగా ఎందుకు?

చాలా లాగర్లు పెట్టి మూలమూలా కొలవడం, వేడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లోనూ ఉంది. కానీ అక్కడ తేడాలు పుట్టే కారణం వేరు. కోల్డ్ రూమ్‌లో చల్లదనాన్ని మోసేది గాలి. ఆటోక్లేవ్‌లో వేడిని మోసేది సంతృప్త ఆవిరి, గాలి శత్రువు. ఆవిరి వస్తువు మీద నీరుగా మారినప్పుడే తన వేడిని అప్పగిస్తుంది. ఎక్కడైనా గాలి చిక్కుకుపోతే ఆ చోట ఆవిరి చేరదు, ప్రెషర్ గేజ్ అంతా బాగుందని చూపిస్తున్నా అక్కడ ఉష్ణోగ్రత వెనకబడుతుంది. గాలి ఆవిరికంటే బరువు కాబట్టి డ్రెయిన్ ప్రాంతం, సన్నని గొట్టాల లోపలి భాగం, గట్టిగా చుట్టిన బట్టల మూటల నడిమి భాగం అనుమానించాల్సిన చోట్లు.

అక్కడ సహించే తేడా కూడా చాలా తక్కువ. పెద్ద స్టీమ్ స్టెరిలైజర్లకు వర్తించే యూరప్ ప్రమాణం ఈఎన్ 285 ప్రకారం, పట్టి ఉంచే సమయంలో ఉష్ణోగ్రతలు 3 డిగ్రీల పట్టీలో ఉండాలి, ఒకే క్షణంలో రెండు చోట్ల మధ్య తేడా 2 డిగ్రీలు దాటకూడదు. సూక్ష్మజీవులు చచ్చే వేగం ఉష్ణోగ్రతతో గుణకంగా మారడమే ఈ కఠినత్వానికి కారణం. 121 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ తగ్గితే ఆ వేగం దాదాపు 79 శాతానికి పడిపోతుంది. 15 నిమిషాలు పెట్టినా 12 నిమిషాల కంటే తక్కువ ఫలితమే దక్కుతుంది. కోల్డ్ రూమ్‌కు సరిపోయే 0.5 డిగ్రీల ఖచ్చితత్వం ఉన్న మామూలు లాగర్లు ఇక్కడ పనికిరావు. ఆ వేడిని, ప్రెషర్‌ను తట్టుకుంటూ అంతకంటే సూక్ష్మంగా కొలిచేవి కావాలి.

## మ్యాపు ఎంతకాలం చెల్లుతుంది?

చాలా సంస్థలు ఏడాదికో, రెండు మూడేళ్లకో ఒకసారి మళ్లీ మ్యాపింగ్ చేయాలని గడువు పెట్టుకుంటాయి. గడువుకంటే మార్పు ముఖ్యం. ర్యాక్ అమరిక మారినా, ఎవాపరేటర్ ఫ్యాన్ మోటారు వేరే సామర్థ్యంది బిగించినా, డీఫ్రాస్ట్ టైమింగ్ మార్చినా, డిఫరెన్షియల్ సవరించినా పాత మ్యాపు ఆ గదిది కాకుండా పోతుంది. ఎయిర్ కండిషనింగ్ ఉన్న హాల్లో ఉన్న కోల్డ్ రూమ్ పక్క గోడను పగలగొట్టి బయటి వరండాలోకి కలిపినా అంతే.

రిపోర్టు చివర ఉండాల్సింది రెండు శాశ్వత ప్రోబ్‌ల స్థానాలు, అలారం అంకెలు, స్టాక్ పేర్చే నక్షా. వీటిలో అలారం దగ్గరే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. మార్పులకు ముందు మన నమూనా గదిలో కుడి పై మూల సగటున డిస్‌ప్లే కంటే 1.6 డిగ్రీలు ఎక్కువ ఉంది. డిస్‌ప్లే అలారాన్ని 8 దగ్గర పెడితే, అది మోగేసరికి ఆ మూల 9.6 దగ్గర ఉంటుంది. అందుకే అలారాన్ని వెచ్చటి మూలలోని ప్రోబ్‌కూ, యూనిట్ ముందున్న చల్లటి ప్రోబ్‌కూ కలపాలి, హద్దు కంటే అర డిగ్రీ ముందే మోగేలా, అంటే 7.5, 2.5 దగ్గర. మూడు నిమిషాల ఊగిసలాటకే మోగకుండా పది నిమిషాల ఆలస్యం పెట్టుకోవచ్చు. యూనిట్లు రోజుమార్చి నడిచే గదికి ప్రోబ్‌లు రెండు చాలవు, నాలుగు కావాలి: ఎ నడిచే రోజుకు ఒక జత, బి నడిచే రోజుకు ఒక జత.